చల్లగా తగలని పూత: పెదవులకు పెట్రోలియం జెల్లీ, మూడు చలికాలాల తర్వాత

మూడు చలికాలాలుగా నా పెదవులకు పూస్తున్నది మందుల దుకాణంలో దొరికే సాదా పెట్రోలియం జెల్లీ ఒక్కటే. అది ఎలా ఉంటుందో తెలియని ఇల్లు లేదు కనుక వర్ణించను. దానిలో నాకు నచ్చిన గుణం ఒక్కటే: పూసినట్టు తెలియదు. చల్లగా ఉండదు, చురుక్కుమనదు, వాసన రాదు, రుచి లేదు. ఇది ఎంత పెద్ద మేలో తెలిసేసరికి రెండేళ్లపాటు నా పెదవులు నేనే పాడుచేసుకున్నాను.

పెళ్లయి విజయనగరం నుంచి కొరాపుట్ జిల్లా సెమిలిగూడకు వచ్చాను. సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఊరు. డిసెంబరులో తెల్లవారుజామున పొగమంచు, పది దాటాక పొడిగాలి, దానితోపాటు సూటిగా కొట్టే ఎండ. విజయనగరంలో పెదవులు పగలడమంటే పండగ రోజుల్లో నాలుగు రోజుల ముచ్చట. ఇక్కడ మొదటి నెలలోనే అన్నం తింటుంటే పచ్చడి తగిలి కళ్లనీళ్లు వచ్చేవి. దుకాణంలో అడిగితే ఎర్రటి లిప్ బామ్ ఒకటి ఇచ్చారు. రాయగానే పెదవంతా చల్లబడింది, మంట పోయింది. ఎంతో హాయిగా అనిపించింది.

ఆ హాయి పది నిమిషాలు కూడా నిలిచేది కాదు. చల్లదనం తగ్గగానే పెదవి బిగుసుకుపోయినట్టు ఉండేది, మళ్లీ రాసేదాన్ని. జనవరికి రోజుకు పదిహేను సార్లకు చేరింది. ఆ బామ్ తియ్యగా కూడా ఉండేది, అందుకని తెలియకుండానే నాలుకతో తడిమేదాన్ని. ఫిబ్రవరి నాటికి పగుళ్లు అలాగే ఉండగా పై పెదవి అంచు వెంట గోధుమరంగు గీత ఒకటి కనిపించింది. చలి పోయాక పగుళ్లు మానాయి కానీ ఆ గీత మానలేదు. రెండో చలికాలంలో అది కింది పెదవి కిందికీ దిగింది. పసిపిల్లలు పాలు తాగితే మూతి చుట్టూ మిగిలే గుర్తులా, కాకపోతే నల్లగా.

మా అత్తయ్య నా ముఖం చూసి బాధపడి, నిమ్మచెక్క మీద పంచదార అద్ది రుద్దమన్నారు. ఆవిడ ప్రేమతోనే చెప్పారు, నేనూ నమ్మకంతోనే రుద్దాను. పగిలిన పెదవి మీద పంచదార పలుకులు అంటే గాయాన్ని గీరడమే. పైగా నిమ్మరసం ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మచ్చ పడవచ్చు. వారం రోజుల్లో పెదవి వాచింది. వాపు తగ్గాక గీత ఇంకా ముదిరింది.

అప్పుడు కిరండూల్ రైలెక్కి విశాఖపట్నంలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ముందుగా ఫోను చేస్తే, “మీ నోటికి తగిలేవన్నీ సంచిలో వేసుకుని రండమ్మా” అన్నారు. బామ్, లిప్‌స్టిక్, టూత్‌పేస్టు, అన్నీ పట్టుకెళ్లాను. ఆవిడ నా పెదవి కంటే ముందు బామ్ డబ్బా వెనకవైపు చదివారు. మెంథాల్, అంటే మన పిప్పరమెంటు పువ్వు. కర్పూరం. దాల్చినచెక్క పరిమళం. “ఇది మాన్పడం లేదమ్మా, మంటను మరిపిస్తోంది, అంతే” అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. మెంథాల్ చర్మంలో చలిని గుర్తించే నరాలను తట్టి లేపుతుంది. అక్కడ నిజంగా చల్లబడేది ఏమీ ఉండదు. పగిలిన చోట అదీ కర్పూరమూ కలిసి మంటను పెంచుతాయి. మంట పెరిగితే మళ్లీ చల్లదనం కావాలనిపిస్తుంది. నా రెండేళ్లూ ఆ చక్రంలోనే పోయాయి.

పెదవి ఎందుకు ఇంత సున్నితమో కూడా ఆవిడే చెప్పారు. ఒంటిమీది తక్కిన చర్మంతో పోలిస్తే పెదవిపై పొర చాలా పలుచన. చెమట పట్టదు, సొంతంగా ఊరే నూనె దాదాపు లేదు. అందుకే లోపలి తడి త్వరగా ఎగిరిపోతుంది. నాలుకతో తడిపితే ఆ ఉమ్మి ఆరుతూ ఉన్న తడిని కూడా తీసుకుపోతుంది. తిండిని కరిగించే పదార్థాలు అందులో ఉంటాయి కనుక పలుచని పొరనూ దెబ్బతీస్తుంది. మన రంగు చర్మంలో మంటైనా, వాపైనా మానుతూ తరచూ నల్లటి గుర్తు వదిలి వెళుతుంది. నా మూతి చుట్టూ ఉన్న గీత అదే. నాలుక ఎంతవరకు అందుతుందో సరిగ్గా అంతవరకే ఉంది.

ఆవిడ చేయించిన పరీక్ష ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగినది. మోచేతి మడత దగ్గర, ముంజేతి లోపలివైపు రూపాయి బిళ్లంత చోట, ఒక చేతికి బామ్, రెండో చేతికి జెల్లీ, రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాయాలి. నాలుగో రోజుకే బామ్ రాసిన చోట దురద, ఎర్రటి పొక్కులు వచ్చాయి. జెల్లీ రాసిన చెయ్యి మామూలుగానే ఉంది. ఎలర్జీ చాలాసార్లు వెంటనే కాక ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది. ఒక్కసారి రాసి ఏమీ కాలేదని ధైర్యపడకూడదు. అయిదు రోజుల కోసం పలుచని స్టెరాయిడ్ పూత ఇచ్చి, ఆ తర్వాత దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని నెలల తరబడి పూసుకునే వాళ్లను చూశాను, పెదవి చుట్టూ పొక్కులతో మిగిలారు.

ఇక జెల్లీ. దానికి సొంత తడి లేదు, ఉన్న తడిని పోనివ్వదు. ఈ సంగతి తెలియక మొదటి వారం పొడి పెదవి మీద మందంగా పూసి, పనిచేయడం లేదనుకున్నాను. నీళ్లతో పెదవులు తడిపి, మెత్తని బట్టతో అద్ది, ఇంకా చెమ్మ ఉండగానే పెసరగింజంత తీసుకుని రెండు పెదవులకూ పలుచగా పూయాలి. పడుకునే ముందు, భోజనం చేసి మూతి కడుక్కున్నాక, బయటికి వెళ్లేముందు. నాలుక పైకి వస్తోందని గమనించినప్పుడల్లా ఇంకాస్త. రుచి లేకపోవడం ఇక్కడ ఎంతో ఉపయోగపడింది. అత్తయ్య నెయ్యి రాయమన్నారు, రాశాను. నెయ్యి కూడా తడిని బాగానే ఆపుతుంది. కానీ కమ్మగా ఉండేసరికి అయిదు నిమిషాల్లో నాకేశాను. తేనె సంగతీ అంతే. కొబ్బరి నూనె నాకు పడింది గానీ ఈ ఊరి చలికి సీసాలో గడ్డకట్టి కూర్చుంటుంది.

పది రోజుల్లో పగుళ్లు పూడాయి. పొలుసులు పీకకుండా ఉండటం నేర్చుకోవడానికి నెల పట్టింది. నల్లగీత పలుచబడటం కంటికి తెలిసింది ఆరో నెలలో.

జెల్లీ మొదలుపెట్టాక రెండో చలికాలంలో అది నన్ను మోసం చేసిందనుకున్నాను. జనవరి రెండో వారంలో పెదవులు మళ్లీ పొలుసులుగా లేచాయి, నోటి మూలల్లో మంట. జెల్లీ రెండింతలు చేశాను, తగ్గలేదు. డబ్బా పాడైందేమోనని కొత్తది కొన్నాను. మళ్లీ చేతిమీద వారం పరీక్ష చేశాను, చెయ్యి శుభ్రంగా ఉంది. మంట ఎప్పుడెప్పుడు వస్తోందో రాసుకోవడం మొదలుపెట్టాక కారణం దొరికింది. పొద్దున, రాత్రి, పళ్లు తోముకున్న కొద్ది నిమిషాలకే. నురగ నిలిచే మూలల్లోనే ఎక్కువ. పండక్కి మావారు దాల్చినచెక్క, లవంగం ఘాటున్న కొత్త టూత్‌పేస్టు తెచ్చారు, నేనే మెచ్చుకున్నాను. టూత్‌పేస్టును చేతిమీద రాసి పరీక్షించకూడదు, నురగ వచ్చే పదార్థం ఎవరి చర్మాన్నైనా మండించవచ్చు. మానేసి చూడటమే దారి. ఘాటు లేని, నురగ తక్కువ వచ్చే పేస్టుకు మారాక మూడు వారాల్లో పెదవులు సర్దుకున్నాయి. మూలల్లో పగుళ్లు అలా మానకపోతే అది వేరే సంగతి. అక్కడ శిలీంధ్రం చేరి ఉండవచ్చు, రక్తహీనత ఉండవచ్చు. జెల్లీ దాన్ని మాన్పదు.

మొదట్లో ‘జెల్లీ ఒక్కటే’ అన్నాను. నిజానికి ఆ మాట రాత్రిపూటకే చెల్లుతుంది. పని మీద దాదాపు రోజూ స్కూటరుపై కొరాపుట్ వెళ్లివస్తాను. ఏప్రిల్‌లో కింది పెదవి మళ్లీ నల్లబడింది, పగుళ్లు మాత్రం లేవు. జెల్లీ ఎండను ఆపదు. పైగా దారి దుమ్మంతా దానికి అంటుకుంటుంది. అందుకని పగటికి ఎస్‌పీఎఫ్ 30 ఉన్న పెదవి పూత వెతికాను. మొదటిదానిలో పుదీనా పరిమళం ఉంది, అయిదో రోజుకు చెయ్యి దురద పెట్టింది. రెండోది జింక్ ఆక్సైడ్ ఉన్నది, పరిమళం లేనిది. కాస్త తెల్లగా కనిపిస్తుంది, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, ధర కూడా జెల్లీకి ఎన్నో రెట్లు. అయినా అదే వాడుతున్నాను. తేనెమైనం ఉన్న బామ్‌లు మా తోడికోడలికి బాగా పనిచేస్తున్నాయి. నాకు పరీక్షించే ఓపిక లేక వదిలేశాను.

ఇది పొగాకు అలవాటు లేని, పుట్టుకతోనే చామనఛాయ పెదవులున్న మనిషి అనుభవం. నా పుట్టు రంగు ఏ పూతతోనూ మారలేదు, మారదు. వచ్చి చేరిన గీత మాత్రమే పలుచబడింది. మా పక్కింటి ఒడియా పిన్ని రోజుకు మూడుసార్లు గుడాఖు అనే పొగాకు ముద్ద పెట్టి పళ్లు రుద్దుకుంటుంది. నన్ను చూసి తనూ జెల్లీ కొంది. పగుళ్లు తగ్గాయి కానీ నలుపు కదలలేదు. పొగాకు మానకుండా కదలదని మెల్లగా చెప్పాను. ఆవిడ కింది పెదవి మీద గరుకుగా ఒక మచ్చ నెలలుగా అలాగే ఉంది. దాన్ని జెల్లీతో మెత్తబరుచుకుంటూ కూర్చోవద్దని, డాక్టరుకు చూపించాలని ఈ నెలలో రెండుసార్లు అడిగాను. వచ్చే మంగళవారం నాతో విశాఖ వస్తానంది.

నా విషయానికొస్తే, కింది పెదవి ఎడమ అంచున ఇంకా గోరంత నీడ ఉంది. ఈ డిసెంబరుకు కొత్త డబ్బా తెరిచాను.