యూకే స్టూడెంట్ వీసా రిజెక్టైందా? "అప్పీల్ ప్యాకేజీ"కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

వీసా రాలేదని తెలియగానే కొన్ని కన్సల్టెన్సీలు "అప్పీల్ వేసి తెప్పిస్తాం" అంటూ వేలకు వేలు అడుగుతున్నాయి. ఇండియా నుంచి వేసిన యూకే స్టూడెంట్ వీసాకి మామూలుగా అప్పీలే ఉండదు. ఉన్నది అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ. దాని ఫీజు 80 పౌండ్లు, ఆన్‌లైన్‌లో మీరే వేసుకోవచ్చు. గడువు నిర్ణయం మీకు అందిన రోజు నుంచి 28 రోజులు.

ముందు అసలు లెటర్ చేతికి తెచ్చుకోండి. అప్లికేషన్‌లో ఏజెంట్ తన ఈమెయిల్ ఇచ్చుకుని ఉంటే లెటర్ ఆయనకే వెళ్తుంది. వారం తర్వాత ఫోన్‌లో "ఫండ్స్ ప్రాబ్లం" అని ఒక్క ముక్క చెప్తారు. గడువు అక్కడే కరిగిపోతుంది.

లెటర్లో చూడాల్సింది, ఏ అంశానికి పాయింట్లు ఇవ్వలేదన్నది. మొత్తం 70 కావాలి: యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ ధ్రువీకరణ అయిన కాస్ వైపు 50, ఇంగ్లిష్‌కి 10, డబ్బుకి 10. డబ్బు దగ్గర పోయిందనుకుందాం. చూపాల్సిన మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఆ 28వ రోజు అప్లికేషన్ తేదీకి ముందు 31 రోజుల లోపు పడాలి. జూన్ 3న డబ్బు పడి, స్టేట్‌మెంట్ జూన్ 28తో ముగిసిందంటే లెక్కకి 26 రోజులే. ఇక్కడ ఆఫీసర్ తప్పు లేదు కాబట్టి రివ్యూ వేసినా నిలవదు. రివ్యూ అంటే ఆఫీసర్ పొరపాటు చేశాడా లేదా అన్న పరిశీలన మాత్రమే, కొత్త స్టేట్‌మెంట్ పెట్టి లోటు పూడ్చుకునే చోటు కాదు. అదే మీరు పెట్టిన స్టేట్‌మెంట్‌లో 28 రోజులూ కనిపిస్తుంటే, ఆఫీసర్ ఒక పేజీ వదిలేసి ఉంటే, రివ్యూ వేయాల్సిందే. గెలిస్తే 80 పౌండ్లూ వెనక్కొస్తాయి.

మొదటి రకం కేసులో దారి కొత్త అప్లికేషనే. పాత కాస్ మళ్లీ పనికిరాదు, యూనివర్సిటీని కొత్తది అడగాలి. చేరడానికి ఆఖరి తేదీ ఎప్పుడో ముందే కనుక్కోండి, రివ్యూ ఫలితానికి నెలలు పట్టొచ్చు. రివ్యూ నడుస్తుండగా కొత్త అప్లికేషన్ వేస్తే రివ్యూ రద్దవుతుంది. రెండూ కలిపి అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. హెల్త్ సర్‌చార్జ్ తిరిగొస్తుంది, వీసా ఫీజు రాదు.

లెటర్లో దొంగ పత్రాలు, మోసం అన్న మాట ఉంటే సంగతి వేరు. దానివల్ల 10 ఏళ్ల పాటు తర్వాతి అప్లికేషన్లు కూడా తిరస్కరణకు గురికావచ్చు. పత్రాలు నిజమైనవే అయితే బ్యాంకు నుంచి రాతపూర్వక ధ్రువీకరణ తీసుకుని, గడువులోపు యూకే ఇమిగ్రేషన్ లాయర్‌కి లెటర్ మొత్తం చూపించండి. ఆ పేరా దాచిపెట్టి "మళ్లీ వేద్దాం" అనే ఏజెంట్‌కి పాస్‌పోర్ట్ కూడా ఇవ్వకండి.