హోమ్ లోన్‌కి మార్జిన్ ఎంత కట్టాలి? ఓవర్‌డ్రాఫ్ట్ లోన్ వాడుతున్న మా అనుభవం

2021 మొదట్లో బెంగళూరులో, కె.ఆర్.పురం వైపు ఒక రీసేల్ ఫ్లాట్ కొన్నాం. అప్పుడు మా ఇంట్లో నెలల తరబడి నడిచిన చర్చ ఒక్కటే. చేతిలో ఉన్నదంతా కట్టి అప్పు తగ్గించుకోవాలా, బ్యాంకు అడిగినంత మాత్రమే కట్టి మిగతాది దగ్గర పెట్టుకోవాలా? అనంతపురం నుంచి నాన్న రోజూ ఫోన్‌లో ఒకటే మాట: "అమ్మా, ఉన్నదంతా కట్టేయండి, అప్పు ఎంత తక్కువైతే అంత మంచిది." మేం రెండో దారి పట్టాం, అదీ ఓవర్‌డ్రాఫ్ట్ రకం హోమ్ లోన్‌తో. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే సరైన దారి అంటాను. ఎందుకో లెక్కతో చెబుతాను.

ఫ్లాట్ ధర 80 లక్షలు, మా దగ్గర ఉన్నది 38 లక్షలు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే ఇంటి అప్పుకు బ్యాంకులు ఆస్తి విలువలో 80 శాతం వరకే ఇవ్వాలి. అంటే 64 లక్షలు వస్తుంది, మనం చేతి నుంచి కట్టే మార్జిన్ 16 లక్షలైతే చాలు అనిపిస్తుంది. కానీ ఆ 80 శాతం దేని మీద లెక్కేస్తారో చూడాలి. అగ్రిమెంట్‌లో రాసిన ధర, బ్యాంకు పంపిన వాల్యూయర్ వేసిన విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీద. మా ఫ్లాట్ పాతది కాబట్టి వాల్యూయర్ 75 లక్షలే వేశాడు. అందులో 80 శాతం అంటే 60 లక్షలు. మార్జిన్ ఒక్కసారిగా 16 నుంచి 20 లక్షలకు పెరిగింది. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే బ్యాంకు వాల్యుయేషన్ చేయించుకోమని అడిగిన ప్రతివాళ్లకూ చెబుతాను. అమ్మేవాళ్లు "ప్రభుత్వం పెట్టిన గైడెన్స్ వాల్యూకే రిజిస్టర్ చేద్దాం, మిగతాది క్యాష్ ఇవ్వండి" అంటే ఒప్పుకోకండి. అది చట్టానికి విరుద్ధం, పైగా అగ్రిమెంట్ ధర తగ్గితే అప్పూ తగ్గి ఆ లోటు మీ చేతి డబ్బు మీదే పడుతుంది.

స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులకు లోన్ రాదు. అప్పట్లో బెంగళూరులో సెస్, సర్‌చార్జ్‌లతో కలిపి స్టాంప్ డ్యూటీ 5.6 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. 80 లక్షలకు 5 లక్షల 28 వేలు అయింది. 2025 ఆగస్టు 31 నుంచి ఆ ఫీజు 2 శాతానికి పెంచారు కాబట్టి ఇప్పుడైతే 6 లక్షలు దాటుతుంది. బ్రోకరేజి, పెయింటింగ్, బాత్‌రూమ్ పైపులు, వంటగది అల్మారాలు కలిపి ఇంకో రెండున్నర, మూడు లక్షలు. మొత్తం 28 లక్షలు పోగా చేతిలో 10 మిగిలాయి. మా చర్చంతా ఈ 10 లక్షల గురించే.

వాటిని కూడా కట్టేస్తే అప్పు 50 లక్షలకు దిగుతుంది. అప్పటి 7 శాతం వడ్డీకి, 20 ఏళ్లకి ఈఎంఐ 38,765. కట్టకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే అప్పట్లో వచ్చేది ఐదున్నర శాతం, 30 శాతం స్లాబులో పన్ను పోగా నాలుగు కూడా నిలవదు. అటు 7 శాతం వడ్డీ కడుతూ ఇటు నాలుగు లోపు సంపాదించడం అంటే ఏడాదికి 32 వేలు పోగొట్టుకోవడమే. నాన్న వాదనలో బలం ఇదే.

ఓవర్‌డ్రాఫ్ట్ లోన్ ఈ చిక్కును విప్పింది. లోన్ 60 లక్షలకే తీసుకుంటాం, మిగిలిన 10 లక్షలు ఆ లోన్ ఖాతాలోనే వేస్తాం. వడ్డీ రోజువారీ బాకీ మీద, అంటే 50 లక్షల మీదే పడుతుంది. కావాలంటే ఆ 10 లక్షలు వెనక్కి తీసుకోవచ్చు. దీనికి వడ్డీ మామూలు లోన్ కంటే పావు శాతం ఎక్కువ, మాకు 7.25 పడింది. 50 లక్షల మీద ఆ పావు శాతం నెలకు సుమారు 1,040 రూపాయలు. పది లక్షలు అవసరానికి అందుబాటులో ఉండటానికి నేను కట్టిన ధర ఇంతే. ఈఎంఐ మాత్రం 60 లక్షలకే లెక్కేస్తారు, 47,423. మొదటి నెల ఆ మొత్తం చూసి కంగారుపడ్డ మాట నిజం. కానీ వడ్డీ తక్కువ పడుతుంది కాబట్టి అందులో ఎక్కువ భాగం మన లెక్కలోనే జమ అవుతుంది. యాప్‌లో అప్పు పరిమితిని చూపే డ్రాయింగ్ పవర్ అని ఒక అంకె, వాడుకోగల మొత్తం అని ఇంకో అంకె కనిపిస్తాయి. మొదటిది షెడ్యూల్ ప్రకారం నెలనెలా తగ్గుతుంది. మనం చూసుకోవలసింది రెండోదే.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వ్ బ్యాంక్ తను బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. దానితో ముడిపడిన మా వడ్డీ 9.75కి ఎక్కింది. 57 లక్షల బాకీ మీద పూర్తిగా వడ్డీ పడి ఉంటే 47 వేల ఈఎంఐలో 46 వేలు వడ్డీకే పోయేవి, అసలు దాదాపు కదిలేది కాదు. 10 లక్షలు లోపల ఉండటంతో వడ్డీ 38 వేల దగ్గర ఆగింది. అంటే వడ్డీ పెరిగినప్పుడు ఆ డబ్బు కట్టేసిన మార్జిన్ లాగే పనిచేసింది.

ఆ రోజుల్లోనే మా ఆయన కంపెనీలో మనుషుల్ని తగ్గించారు. కొత్త ఉద్యోగం వచ్చేదాకా ఈఎంఐలు ఆ ఖాతాలోని డబ్బు నుంచే సర్దుకున్నాం. ఎవరి దగ్గరా చేయి చాచలేదు, ఒక్క ఈఎంఐ కూడా బౌన్స్ కాలేదు. ఆ 10 లక్షలు మార్జిన్‌గా కట్టేసి ఉంటే ఏమయ్యేది? ఇంటి అప్పు మీద అదనంగా ఇచ్చే టాప్-అప్ లోన్ అడగాలి. దానికి జీతం స్లిప్పులు కావాలి, ఉద్యోగం పోయినవాళ్ల దగ్గర ఉండనివి అవే. మా పక్క ఫ్లాట్ వాళ్లు ఉన్నదంతా మార్జిన్‌కి కట్టి, ఇంటీరియర్స్ కోసం 13 శాతం వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకున్నారు. 7 శాతం అప్పు తగ్గించుకుని 13 శాతం అప్పు తెచ్చుకున్నారు పాపం, రెండేళ్లు నెల నెలా టెన్షన్ పడ్డారు.

ఫ్లోటింగ్ రేటు ఇంటి అప్పుకు ముందస్తు చెల్లింపు మీద పెనాల్టీ లేదు. తక్కువ కట్టి మొదలుపెట్టి, పరిస్థితి కుదుటపడ్డాక ఎప్పుడైనా అసలులోకి కట్టేయవచ్చు. ఎక్కువ కట్టేశాక అడిగినప్పుడు వెనక్కి రాదు. చెల్లెలు నన్ను అడిగినప్పుడు మొదట చెప్పింది ఈ తేడా గురించే.

అయితే ఇది అందరికీ పనికిరాదు. మిగులు నాలుగు లక్షల చిల్లర కంటే తక్కువైతే, ఆ పావు శాతం అదనపు వడ్డీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పోయేదాని కంటే ఎక్కువవుతుంది. అప్పుడు మామూలు లోనే తీసుకుని, ఆరు నెలల ఈఎంఐలంత విడిగా ఉంచుకుని మిగతాది మార్జిన్‌కి కట్టడం మేలు. ఖాతాలో డబ్బు కనిపిస్తే కారు, టూర్ అంటూ తీసేసే ఇంట్లో అయితే నాన్న చెప్పినట్టు ముందే కట్టేయండి. అన్ని బ్యాంకులూ ఈ రకం లోన్ ఇవ్వవు. ఇచ్చేచోట కూడా శాంక్షన్ లెటర్‌లో రెండు విషయాలు రాతపూర్వకంగా చూసుకోండి: ఖాతాలో వేసిన డబ్బు ఎప్పుడైనా తీసుకోవచ్చా, మామూలు లోన్‌కి మారాలంటే ఎంత ఖర్చవుతుంది.