మొటిమలకు ఏది మేలు: టీ ట్రీ ఆయిలా, విచ్ హేజెలా?

పోయిన మే నెలలో మా చెల్లెలి కూతురు నల్గొండ నుంచి మహబూబ్‌నగర్‌లోని మా మెడికల్ షాపుకే నేరుగా వచ్చింది. దవడ పొడవునా ఎర్రగా పొక్కిపోయి ఉంది. "పెద్దమ్మా, మొటిమలు తగ్గాలని పెట్టుకున్నా, ఇట్లయ్యింది" అంటూ బ్యాగులోంచి రెండు సీసాలు తీసి కౌంటర్ మీద పెట్టింది. ఒకటి విచ్ హేజెల్ టోనర్, ఇంకొకటి టీ ట్రీ ఆయిల్. రోజుకు రెండుసార్లు ముఖమంతా టోనర్‌తో తుడిచి, ఆ తడి ఆరకముందే ఒక్కో మొటిమ మీద నూనె చుక్క పెట్టేదట. ఏమీ కలపకుండా, సీసాలోంచి తీసి అట్లాగే.

ఈ రెండింటిలో ఏది మేలని అడిగితే, మొటిమ మీద పెట్టడానికి టీ ట్రీ అంటాను, అదీ పలచగా ఉంటేనే. టోనర్‌గా మాత్రం రెండూ వద్దంటాను.

విచ్ హేజెల్ ఉత్తర అమెరికాలో పెరిగే ఒక పొద. దాని బెరడులో, ఆకుల్లో వగరు ఉంటుంది. చర్మాన్ని బిగదీసేది ఆ వగరే. కానీ ఆవిరి పట్టి తీసిన నీళ్ళలోకి ఆ వగరు పెద్దగా రాదు. పైగా అలాంటి వాటిలో చాలావరకు 14 శాతం దాకా ఆల్కహాల్ కలుపుతారు. ముఖం తుడిచాక చల్లగా, బిగుతుగా అనిపించేది ఎక్కువగా దానివల్లే. జిడ్డు పోయినట్టే ఉంటుంది, కాసేపటికి మళ్ళీ వస్తుంది. మన ఎండల్లో ఎండిపోయిన చర్మానికి రోజూ రెండుసార్లు ఆల్కహాల్ పట్టిస్తే పైపొర దెబ్బతింటుంది. మొటిమలు తగ్గిస్తుందనడానికి గట్టి రుజువు కూడా లేదు. ఆల్కహాల్ లేనిది దొరికితే మంట తక్కువ ఉండొచ్చు, అంతే.

టీ ట్రీ ఆయిల్ ఆస్ట్రేలియాలో పెరిగే మెలలూకా అనే చెట్టు ఆకుల నుంచి తీసే నూనె. దీనికి రుజువుంది. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద 5 శాతం టీ ట్రీ జెల్‌ను, మొటిమలకు మామూలుగా వాడే మందైన బెంజాయిల్ పెరాక్సైడ్ 5 శాతంతో పోల్చి చూశారు. మొటిమలు రెండింటితోనూ తగ్గాయి. టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, కానీ ఇబ్బందులు తక్కువ. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఆ 5 శాతాన్నే. మా పిల్ల పెట్టుకున్నది 100 శాతం.

దానికి తోడు ఆ సీసా ఏడాది కిందట తెరిచింది. హాస్టల్ కిటికీలో, ఎండ తగిలే చోట ఉంచింది. గాలి, వెలుతురు, వేడి తగిలితే ఈ నూనెలో కొత్త పదార్థాలు పుడతాయి. అలర్జీ రేపేవి ముఖ్యంగా అవే. పాడైన సంగతి వాసనను బట్టి చెప్పలేం. అందుకే సీసా తెరిచిన రోజే తారీఖు రాసి, మూత బిగించి, చీకట్లో చల్లగా పెట్టాలి. ఆరు నెలలు దాటితే నేనైతే పారబోస్తాను.

మొదటి వారం ఆమెకు చుర్రుమని మండి, అరగంటకు తగ్గేదట. అది మంట మాత్రమే, పలచన చేస్తే ఆగేది. మూడో వారంలో సంగతి మారింది. రాసిన మర్నాడు దురద మొదలై, నూనె తగలని చోటికి కూడా పాకి, కనురెప్పలు ఉబ్బాయి. ఇది అలర్జీ. ఆలస్యంగా రావడం, దురద, పాకడం దాని గుర్తులు. ఒకసారి వచ్చాక ఎంత పలచన చేసినా మళ్ళీ వస్తుంది.

మొదటిసారి వాడేవాళ్ళు 5 శాతం జెల్ రెడీగా కొనుక్కోవడమే మేలు. ఇంట్లోనే కలపాలంటే, ఒక చుక్క టీ ట్రీకి 19 చుక్కల వేరే పలుచని నూనె. నీళ్ళలో కలపొద్దు, నూనె పైకి తేలి అదే చిక్కగా చర్మానికి తగులుతుంది. ముందు ముంజేయి లోపల రూపాయి బిళ్ళంత చోట రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడాలి. ఏమీ కాకపోతే రాత్రిపూట మొటిమ మీద మాత్రమే, కంటికి దూరంగా. నోట్లోకి పోతే విషం, పిల్లలకు అందనివ్వకండి. గడ్డల్లాంటి పెద్ద మొటిమలు, గుంటలు పడేవి ఈ నూనెతో పోవు, వాటికి స్కిన్ డాక్టర్ కావాలి.

మా పిల్లతో రెండూ ఆపించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎరుపు రెండు వారాల్లో పోయింది. మన రంగు చర్మం మీద ఇలాంటి పొక్కుల తర్వాత మిగిలే నల్లమచ్చలు మాత్రం దసరా దాకా ఉన్నాయి. ఇప్పుడు ఫేస్‌వాష్ కొన్నా, షాంపూ కొన్నా వెనక్కి తిప్పి టీ ట్రీకి ఉన్న మెలలూకా అనే పేరు ఉందా అని చూశాకే డబ్బులు ఇస్తుంది.