స్పెల్లింగ్ దిద్దడమా, పేరు మార్చడమా, ముందు ఇంకోటి చేర్చడమా: కడప కాగితాలకు ఏది మేలు?

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. "అన్నా, దస్తావేజులో జిల్లా పేరు ఏమని రాయాల? కడప అనా, వైఎస్ఆర్ అనా, వైఎస్ఆర్ కడప అనా?" కడపలో దస్తావేజులు రాసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. దీని వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది: పేరు మార్చాలంటే ఏ పద్ధతి మంచిది అని. మన జిల్లా ఇరవై ఏళ్ళలో మూడు పద్ధతులూ చూసింది, అందుకే మన ఊరినే పట్టుకుని చెప్తాను.

మొదటిది 2005లో జరిగింది. ఇంగ్లీషులో Cuddapah అని ఉన్నదాన్ని Kadapa చేశారు. తెల్లవాళ్ళ చెవికి వినబడినట్టు రాసుకున్న స్పెల్లింగ్ అది, మనం పలికేదానికి దగ్గరగా దిద్దారు, అంతే. తెలుగులో ఒక్క అక్షరం మారలేదు, అప్పుడూ కడపే, ఇప్పుడూ కడపే. మన రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఎక్కువగా తెలుగులోనే ఉంటాయి కదా, వాటి మీద ఈ మార్పు ప్రభావం ఏమీ లేదు. ఇంగ్లీషు సర్టిఫికెట్లలో మాత్రం పాత స్పెల్లింగ్ ఉంటుంది, అయినా చూసేవాడికి ఒకే ఊరని అర్థమవుతుంది.

రెండోది, 2009లో వైఎస్ రాజశేఖర రెడ్డి గారు చనిపోయాక, ఆయన సొంత జిల్లాకు ఆయన పేరు పెట్టడం. 2010లో జిల్లా పేరు వైఎస్ఆర్ జిల్లా అయింది. నగరం పేరు మాత్రం కడపగానే ఉంది. చాలామంది తికమక ఇక్కడే మొదలవుతుంది, మారింది జిల్లా పేరు, ఊరి పేరు కాదు.

మూడోది 2025లో. దేవుని కడప దగ్గర శ్రీవారిని చూసుకుని తిరుమలకు పోయే ఆనవాయితీ, గడప అనే మాటకూ ఈ ఊరికీ ఉందని పెద్దలు చెప్పే సంబంధం, ఇవన్నీ ఉన్న పేరు జిల్లాలో కనబడకుండా పోయిందని చాలామందికి మనసులో ఉండేది. మార్చిలో కేబినెట్ నిర్ణయం తీసుకుంది, మే చివర్లో జీవో వచ్చింది. ఇప్పుడు వైఎస్ఆర్ కడప జిల్లా.

ఈ మార్చికీ మేకీ మధ్య ఉన్న రెండు నెలల్లోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. టీవీలో "కేబినెట్ ఆమోదం" అని స్క్రోలింగ్ రాగానే కొందరు కొత్త పేరుతో కాగితాలు రాయించేస్తారు. కేబినెట్ నిర్ణయంతో పేరు మారదు. జిల్లా పేరు మార్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే, 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద. ముందు ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు, సలహాలు చెప్పడానికి ప్రజలకు గడువు ఇస్తారు, మామూలుగా 30 రోజులు. ఆ తర్వాత తుది నోటిఫికేషన్ రాజపత్రంలో వస్తుంది. 2022 మేలో కోనసీమకు అంబేద్కర్ గారి పేరు చేర్చాలని వచ్చింది ముసాయిదానే, అది గడువులో ఉండగానే అమలాపురంలో గొడవలు జరిగాయి. కాబట్టి మీ చేతికి జీవో కాపీ వస్తే అందులో ముసాయిదా అని ఉందా, తుది అని ఉందా, ఏ తేదీ నుంచి అమలు అని ఉందా, ఈ మూడూ చూడండి.

ఊరి పేరు, రైల్వే స్టేషన్ పేరు అయితే దారి వేరు. రాష్ట్రం అడిగితే సరిపోదు, కేంద్ర హోం శాఖ అభ్యంతరం లేదని చెప్పాలి. ఆ శాఖ రైల్వేని, పోస్టల్ వాళ్ళని, సర్వే ఆఫ్ ఇండియాని అడిగి చెప్తుంది. 1953 నుంచి వాళ్ళు పాటిస్తున్న నియమాల్లో, జనానికి అలవాటైన పేరును గట్టి కారణం లేకుండా మార్చకూడదని ఉంది, దగ్గర్లో అదే పేరుతో ఇంకో ఊరు ఉందేమో చూడాలని కూడా ఉంది. పక్క రాష్ట్రంలో ఉన్న బళ్ళారి ఈ దారిలోనే, 2014 నవంబర్ 1న బెంగళూరుతో సహా పేర్లు మారిన 12 ఊర్లలో ఒకటిగా, ఇంగ్లీషు స్పెల్లింగ్ మార్చుకుంది.

పూర్తిగా కొత్త పేరు పెట్టుకున్న ఊర్ల సంగతి ఇక్కడ ఎక్కువ చెప్పను. అలహాబాద్ 2018లో ప్రయాగ్‌రాజ్ అయితే, స్టేషన్ల పేర్లు 2020లో మారాయి, హైకోర్టు ఇప్పటికీ అలహాబాద్ హైకోర్టే. కర్నూలును రేపు ఎవరైనా పాత కందనవోలుగా మార్చమన్నా కాగితాల దగ్గర ఇదే పరిస్థితి.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటే: పాత కాగితం చదివినవాడు, మన ఊరివాడు కాకపోయినా, కొత్త పేరును గుర్తుపట్టగలడా లేదా. ఒక ఉదాహరణ చెప్తాను. ప్రొద్దుటూరు మండలంలో ఒక ఇంటి స్థలం. 1998 అమ్మకం దస్తావేజులో "కడప జిల్లా", 2014లో తండ్రి కొడుక్కి రాసిచ్చిన దానపత్రంలో "వైఎస్ఆర్ జిల్లా". ఇప్పుడు ఆ కొడుకు లోన్ కోసం వేరే రాష్ట్రంలో ఉన్న బ్యాంకుకు కాగితాలు పంపితే, లింకు డాక్యుమెంట్లలో జిల్లాలు వేరు వేరుగా ఉన్నాయి, ఆస్తి ఒకటేనా అని లాయరు రాసి పంపించాడు. పాపం ఆ అబ్బాయి వారం రోజులు టెన్షన్ పడ్డాడు. ఆ లాయరు తప్పు కూడా కాదు, "వైఎస్ఆర్" చూసి కడప అని అతనికి ఎలా తెలుస్తుంది? స్పెల్లింగ్ మార్పే అయ్యుంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

దానికి మేము చేసింది ఇది. జిల్లా పేరు మారిన నోటిఫికేషన్ల కాపీలు జతచేశాం. సర్వే నంబరు, గ్రామం, మండలం, హద్దులు రెండు దస్తావేజుల్లోనూ ఒకటేనని పక్కపక్కన చూపించాం. ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ తీయించి ఇచ్చాం. ఆస్తిని గుర్తించేది ఇవే కాబట్టి, జిల్లా పేరు మారినంత మాత్రాన పాత దస్తావేజు చెల్లకుండా పోదు. పాతవాటిని దిద్దించాల్సిన పనీ లేదు. కొత్తగా రాసేవాటిలో మాత్రం షెడ్యూల్లో "వైఎస్ఆర్ కడప జిల్లా, పూర్వపు వైఎస్ఆర్ జిల్లా, అంతకు ముందు కడప జిల్లా" అని ఒక్క వరుస చేర్చమని అందరికీ చెప్తున్నాను.

ఒక్క జాగ్రత్త. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు పుట్టపర్తి అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్ళింది. అది పేరు మార్పు కాదు, ఆ ఊరు నిజంగానే వేరే జిల్లాలోకి వెళ్ళింది. అక్కడ "పూర్వపు" అని రాస్తే సరిపోదు, "అనంతపురం జిల్లా నుంచి విడిపోయిన" అని రాయాలి.

రికార్డుల్లో కొన్ని మారకుండానే ఉంటాయి, అవి మనకు మేలే. కడప పిన్‌కోడ్ 516001 అలాగే ఉంది. రైల్వే కోడ్ HX అలాగే ఉంది. ఎయిర్‌పోర్ట్ కోడ్ CDP, అందులో పాత Cuddapah ఇంకా కనిపిస్తుంది. ఆన్‌లైన్ ఫారంలో మీ జిల్లా కొత్త పేరుతో దొరక్కపోతే పిన్‌కోడ్ సరిగ్గా కొట్టి, లిస్టులో ఉన్న పాత పేరే ఎంచుకోండి. అడ్రస్ ప్రూఫ్‌లో ఉన్నదానికీ దానికీ తేడా వస్తే జీవో కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి.

నా మటుకు స్పెల్లింగ్ దిద్దడమే మేలు. పెద్దాయన పేరు పెట్టాలనే అనుకుంటే, ఇప్పుడు చేసినట్టు ఊరి పేరు ముందు చేర్చడం దాని తర్వాతిది, కడప అనే మాట అందులో ఉంటుంది కాబట్టి వెతికేవాడికి దొరుకుతుంది. ఊరి పేరు తీసేసి ఇంకోటి పెట్టడం మాత్రం నేను ఒప్పుకోను, ఎవరి పేరైనా సరే. 2010 నుంచి 2025 దాకా రాసిన దస్తావేజుల్లో "వైఎస్ఆర్ జిల్లా" అనే ఉంటుంది, ఆ ఆస్తి చేతులు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాని పక్కన కడప అని రాసి చూపించాల్సిందే.