పంతులుగారి మోడల్ షీట్: చేత్తో గీయాలా, త్రీడీలో తిప్పాలా?

పాత్ర ఓ పంతులుగారు. మూడు తలల ఎత్తు, కుండ బొజ్జ, నెత్తిన పిలక, ఎడమ భుజం మీదుగా జంధ్యం. సినిమా టూడీలోనే, కానీ గీసేది నలుగురు. నలుగురి చేతుల్లోనూ ఆయన ఒకేలా ఉండాలి. అందుకే ఈ మోడల్ షీట్, అంటే అందరూ చూసి గీసే నమూనా బొమ్మల షీట్.

మొదట షీట్ మొత్తం చేత్తో గీశాను. ముందు, ముందు ముప్పావు, పక్క, వెనక ముప్పావు, వెనక: ఐదు కోణాలు. నడినెత్తి, కళ్లు, గడ్డం, బొడ్డు, పాదాల మీదుగా అన్నింటికీ ఒకే అడ్డగీతలు లాగాను. చూడ్డానికి తప్పేమీ లేదు. ఐదు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చకచకా తిప్పితే మాత్రం బొజ్జ ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బి తగ్గింది. అడ్డగీతలు ఎత్తును కాపాడతాయి గానీ లోతును పట్టించుకోవు. పక్క బొమ్మను నమ్మినవాళ్లు పెద్ద బొజ్జ గీస్తారు, ముప్పావు బొమ్మను నమ్మినవాళ్లు చిన్నది.

త్రీడీ గెలిచేది ఇక్కడే. నాలుగు ఉండలు, రెండు గొట్టాలు పేర్చి 45 డిగ్రీల చొప్పున తిప్పితే బొజ్జ లోతు మారదు. కెమెరాను ఆర్థోగ్రాఫిక్‌లో పెట్టాలి. లేకపోతే కెమెరాకు దగ్గరైన భాగం పెద్దదై, అడ్డగీతలకు బొమ్మ అతకదు.

అయితే పిలక దగ్గర త్రీడీ దెబ్బతింది. వెనక కట్టిన పిలక ముందునుంచి చూస్తే తలచాటుకు పోయింది. నాకేమో అది ఏ కోణంలోనైనా కనబడాలి, పంతులుగారిని నీడలో కూడా గుర్తుపట్టేది దానితోనే. మిక్కీ మౌస్ చెవులూ ఇంతే. గీసిన బొమ్మల్లో ముఖం ఎటు తిరిగినా అవి గుండ్రంగానే ఉంటాయి. వాటినే పళ్లాల్లా కట్టి తిప్పితే పక్కనుంచి గీతల్లా సన్నబడతాయి. ఇలాంటి మోసం చేత్తోనే సాధ్యం.

హావభావాలకైతే నేను త్రీడీ జోలికే పోను. కోపంలో దవడ ఎంత సాగాలి, నవ్వులో బుగ్గలు కళ్లను ఎంత నొక్కాలి అన్నది గీతే చెబుతుంది. పుర్రె మాత్రం కదలకూడదు, అందుకే ప్రతి ముఖంలోనూ కళ్లగీత ఉంచాను. ఎదురు ముఖం కన్నా ముప్పావు ముఖం మీద గీస్తే మేలు, షాట్లలో ఎక్కువగా అడిగేది అదే.

కాబట్టి నా ఓటు: త్రీడీ ముద్దను అడుగున పెట్టి, పైన చేత్తో గీయడం. ఒక్కరే గీసే చిన్న సినిమాకైతే ఇంత అక్కర్లేదు.

ఇంకోటి, ఈయనకు ఐదు కోణాలు చాలవు, ఎనిమిదీ ఇవ్వాలి. ఐదే ఇస్తే మిగతా మూడింటికీ ఉన్న బొమ్మనే అద్దంలోలా తిప్పేస్తారు. మా వాళ్లలో ఒకరు అలాగే చేశారు. జంధ్యం కుడి భుజం మీదికి వచ్చింది. అలా వేసుకునేది పితృకర్మలప్పుడు. మా సీన్‌లో ఆయన చేయిస్తున్నది పెళ్లి.