జాగ్రత్త: పిల్లలు గీసిన డ్రాగన్‌ని ఫ్యామిలీ ఫోటోలో మిక్సింగ్ చేయించే ముందు ఇది చదవండి

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు ఉన్న మనవాళ్లకి ఈ హెచ్చరిక. పిల్లల పుట్టినరోజుకి వాళ్లు గీసిన బొమ్మని సెలవుల్లో తీసుకున్న ఫ్యామిలీ ఫోటోలో కలిపి, పెద్ద ప్రింటు వేయించి సర్‌ప్రైజ్ ఇవ్వాలనుకుంటే, స్టూడియోకి ఆర్డర్ ఇచ్చేటప్పుడే కొన్ని మాటలు తేల్చుకోండి. ప్రింటు చేతికొచ్చాక దిద్దే వీలుండదు. దిద్దినా పుట్టినరోజు దాటిపోతుంది.

జరిగింది ఇదీ. బరంపురంలో ఒక తెలుగు కుటుంబం. ఏడేళ్లు నిండుతున్న పాప డ్రాయింగ్ పుస్తకంలో మైనపు క్రేయాన్లతో ఒక డ్రాగన్ గీసింది. ఆకుపచ్చ ఒళ్లు, నారింజ మంట, కుడివైపుకి చూస్తున్న తల, మూడు కాళ్లు. నాలుగోది తోక వెనకాల ఉందని పాప చెప్పింది. పొట్టకి రంగు వేయకుండా తెల్లగా వదిలి, అందులో తెలుగులో ‘మంటల బుజ్జి’ అని పేరు రాసింది. డిసెంబరు సెలవుల్లో గోపాల్‌పూర్ బీచ్‌లో సముద్రం వెనక ఉండేలా తీసుకున్న ఫోటో ఒకటి ఉంది. తల్లిదండ్రులు ఆ రెండూ వాట్సాప్‌లో స్టూడియోకి పంపి, 12×18 అంగుళాల ప్రింటు అడిగి, సగం డబ్బు ముందే కట్టారు. పుట్టినరోజు పొద్దున కాగితం విప్పగానే పాప కాసేపు చూసి, ‘నాన్నా, ఇది నా బుజ్జి కాదు’ అంది.

పాప మాట నిజమే. ఆ ప్రింటులో ఏమేం చెడిందో, ఎందుకు చెడిందో ఒక్కొక్కటే చూద్దాం. ఇవే తప్పులు ఏ స్టూడియోలోనైనా జరగొచ్చు.

మొదటిది పొట్ట. డ్రాగన్ పొట్టలోంచి సముద్రం కనిపిస్తోంది. నీలం నీరు, దాని మీద తెల్లటి నురుగు గీత, కింద ఇసుక, అన్నీ పొట్టకి అడ్డంగా సాగిపోయాయి. ఆపరేటర్ పని త్వరగా అవ్వాలని బొమ్మ లేయర్‌ని ఫోటో మీద పెట్టి Multiply అనే మోడ్‌లోకి మార్చాడు. ఆ మోడ్‌లో తెలుపు ఉన్న చోటల్లా కింది ఫోటో ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది. కాగితం తెలుపు ఒక్క క్లిక్కుతో మాయమవుతుంది కాబట్టి చాలామందికి ఇది అలవాటు. కానీ కాగితపు తెలుపుకీ, పాప కావాలని వదిలిన పొట్ట తెలుపుకీ తేడా ఆ మోడ్‌కి తెలియదు. పళ్లు, కంటిగుడ్డు కూడా అలాగే పోయాయి. ఆకుపచ్చ ఒళ్లు కూడా కింద నీరు ఉన్న చోట ముదిరి, ఇసుక ఉన్న చోట మట్టిరంగు తిరిగింది.

సరైన పద్ధతి కాస్త నెమ్మదిగా సాగుతుంది. బొమ్మ బయటి గీత వెంబడి పెన్ టూల్‌తో చుట్టూ కట్ చేయాలి. పొట్టతో సహా లోపలి భాగమంతా ఉంచేయాలి. ఆ లేయర్ Normal మోడ్‌లోనే ఉండాలి. అప్పుడు పొట్ట తెల్లగా, క్రేయాన్ గరుకు కనిపించేలా, చేతిగీత లాగే నిలుస్తుంది. అంచు దగ్గర కాగితం తెలుపు సన్నటి చారలా మిగిలితే కట్ చేసిన గీతని ఒకటి రెండు పిక్సెల్స్ లోపలికి జరిపితే సరిపోతుంది. చేసే చెయ్యి అలవాటుదైతే ఇదంతా గంటలోపు పని. శాంపిల్ చూసినప్పుడు డ్రాగన్ ఒంటి వెనకాల సముద్రం గీత ఆగిపోయిందా, ఒంట్లోంచి సాగిపోయిందా అని చూడండి. సాగిపోతే Multiply వాడారన్నమాటే.

రెండోది పేరు. దీన్ని స్టూడియోలో ఎవరూ పట్టుకోలేకపోయారు, కారణం మన ప్రాంతంలోనే ఉంది. ఆ ఫోటో మధ్యాహ్నం దాటాక, నాలుగు గంటలకి కాస్త ముందు తీసింది. గోపాల్‌పూర్ తీరం ఆగ్నేయం వైపు తిరిగి ఉంటుంది. డిసెంబరులో ఆ వేళకి సూర్యుడు నైరుతిలో కిందికి దిగిపోతాడు. సముద్రం వైపు చూస్తున్న కెమెరాకి వెలుగు కుడిపక్క నుంచి వస్తుంది. అందుకని మనుషుల నీడలు ఎడమవైపు ఇసుక మీద, మనిషి ఎత్తుకి సుమారు మూడు రెట్లు పొడుగ్గా పడ్డాయి. ఎడమవైపంతా నీడలతో నిండి ఉందని ఆపరేటర్ డ్రాగన్‌ని కుడివైపు ఖాళీ ఇసుకలో పెట్టాడు. అక్కడ పెడితే తల ఫోటో బయటికి చూస్తుంది. అందుకని Flip Horizontal కొట్టి తల మనుషుల వైపు తిప్పాడు. దాంతో పొట్ట మీది ‘మంటల బుజ్జి’ అద్దంలో చూసినట్టు తిరగబడిపోయింది. ఆపరేటర్ ఒడియా చదివేవాడు. ఒడియా అక్షరాలూ మనవాటిలాగే గుండ్రంగా ఉంటాయి కాబట్టి తిరగబడ్డ తెలుగు అతని కంటికి మామూలు తెలుగులాగే కనిపించింది. రోమన్ అక్షరాలైతే ఎవరైనా ఇట్టే పట్టేసేవారు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. బొమ్మ మీద ఏదో రాసి ఉందని, దాన్ని తిప్పకూడదని ఇచ్చినవాళ్లే చెప్పాలి.

మూడోది పాపని ఎక్కువ బాధపెట్టింది. ఆపరేటర్ మంచి మనసుతోనే నాలుగో కాలు గీశాడు. వంకరగా ఉన్న తోకని సాపు చేశాడు. గీతకి బయటికి పోయిన క్రేయాన్ రంగు చెరిపేశాడు. పిల్లలు తమ బొమ్మని గుర్తుపట్టేది ఆ వంకర్లతోనే. వాటిని నున్నగా చేస్తే అది ఏ స్టిక్కర్ మీదైనా ఉండే డ్రాగన్ అయిపోతుంది. కొన్నిచోట్ల బొమ్మనే పక్కనపెట్టి నెట్‌లోంచి దింపిన డ్రాగన్ అతికిస్తారు, అది ఇంకా ఘోరం. ‘బొమ్మలో ఒక్క గీత కూడా మార్చొద్దు, కలపొద్దు, చెరపొద్దు’ అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పి, అదే మాట మెసేజ్‌గా కూడా పంపండి.

ఇక ముఖాలు మసకబారడం. దీనికి స్టూడియో బాధ్యత సగమే. వాట్సాప్‌లో ఫోటోని మామూలుగా పంపితే పొడుగు వైపు సుమారు 1600 పిక్సెల్స్‌కి కుదిస్తుంది. 18 అంగుళాల ప్రింటులో అది అంగుళానికి 90 పిక్సెల్స్ కూడా రాదు. దగ్గర నుంచి చూసే ప్రింటుకి అంగుళానికి 200 తగ్గకూడదు, 300 ఉంటే నిక్కచ్చిగా వస్తుంది. అంటే ఫోటో పొడుగు వైపు కనీసం 3600 పిక్సెల్స్ ఉండాలి. ఫోన్‌లో తీసిన అసలు ఫైలు సాధారణంగా అంతే ఉంటుంది, దారిలోనే పాడవుతుంది. అదే వాట్సాప్‌లో Document గా పంపితే కుదించదు. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా సరే. చిన్న ఫైలు అందినప్పుడు ‘ఇది సరిపోదు, అసలుది పంపండి’ అని స్టూడియో అడగాలి. అడగకుండా ప్రింటు వేయడం వాళ్ల తప్పు.

బొమ్మని ఫోన్‌తో ఫోటో తీసి పంపకండి. మైనం మీద లైటు మెరుస్తుంది, ఫోన్ నీడ కాగితం మీద పడుతుంది, బల్బు వెలుగుకి తెలుపు పసుపవుతుంది. జిరాక్స్ షాపులో స్కాన్ చేయిస్తే డాక్యుమెంట్ మోడ్‌లో కాకుండా ఫోటో మోడ్‌లో, కలర్‌లో, 600 డీపీఐలో, జేపెగ్‌గా అడగండి. డాక్యుమెంట్ మోడ్ కాగితాన్ని తెల్లబరచడంలో లేత పసుపు, లేత గులాబీ క్రేయాన్లని మింగేస్తుంది. 600 ఎందుకంటే, పుస్తకంలో ఆరు అంగుళాల డ్రాగన్ ప్రింటులో తొమ్మిది అంగుళాలు అవుతుంది. 300తో స్కాన్ చేస్తే పెంచేసరికి 200కి పడిపోతుంది.

చివరిది నీడ. మనుషులందరికీ పొడుగు నీడలుండగా డ్రాగన్‌కి అసలు లేదు, అందుకే అది ఇసుక మీద నిలబడకుండా గాల్లో తేలినట్టుంది. పాదాల కిందే సన్నటి ముదురు నీడ ఒకటి, అక్కడి నుంచి మనుషుల నీడలు వెళ్లే వైపే సాగే పలచటి పొడుగు నీడ ఒకటి, రెండూ ఉండాలి. బొమ్మ కాగితపు బొమ్మలా చదునుగా ఉన్నా ఫరవాలేదు. నీడ సరిగ్గా ఉంటే కన్ను నమ్ముతుంది.

ఈ చెప్పినవన్నీ ఒడియా మాట్లాడే ఆపరేటర్‌కి నోటితో చెప్పడం కష్టమైతే, బొమ్మకి జిరాక్స్ తీయించి ఎర్ర పెన్నుతో పొట్ట చుట్టూ, పేరు చుట్టూ, మూడు కాళ్ల చుట్టూ గీసి ఇవ్వండి. భాష అడ్డం రాదు. పుట్టినరోజుకి పది రోజుల ముందే ఇవ్వండి. ప్రింటుకి ముందు శాంపిల్‌ని పూర్తి సైజులో, వాళ్ల కంప్యూటర్ ముందు కూర్చుని చూడండి. ఫోన్‌లో పంపే చిన్న శాంపిల్‌లో పొట్ట సంగతి, ముఖాల మసక తెలియవు. మిగతా సగం డబ్బు శాంపిల్ ఒప్పుకున్నాకే ఇవ్వండి. లేయర్లు విడివిడిగా ఉన్న ఫైలు కూడా అడిగి తీసుకోండి, అది ఉంటే మరో స్టూడియోలోనైనా దిద్దించుకోవచ్చు. తప్పు ఒప్పుకోకపోతే రసీదు, మెసేజులు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు.

ఆ కుటుంబం గొడవ పడలేదు. బొమ్మని మళ్లీ స్కాన్ చేయించి, అసలు ఫైలు ఇచ్చి, అదే ఆపరేటర్ పక్కన కూర్చున్నారు. ఈసారి తిప్పకుండా డ్రాగన్‌ని ఎడమవైపుకి తెచ్చారు, అప్పుడు తల దానంతటదే మనుషుల వైపు చూసింది. నాన్న నీడ దాని కాళ్ల మీదికి వస్తోందని, డ్రాగన్‌ని కెమెరాకి దగ్గరగా, ఇంకాస్త కిందికి జరిపి కొంచెం పెద్దది చేశారు. ఆ నీడలు సముద్రం వైపుకి ఒరిగి ఉండటంతో డ్రాగన్ వెనకాలకి వెళ్లిపోయాయి. కాళ్లు మూడే ఉంచారు. రెండో ప్రింటు పుట్టినరోజు అయిన పన్నెండో రోజున వచ్చింది. పాప ముందు కాళ్లు లెక్కపెట్టి, తర్వాత పొట్ట మీద పేరు పైకే చదివింది.