మూడేళ్ల గేమ్ స్ట్రీమింగ్‌లో నిలిచినవి, అటకెక్కినవి

సరదాకు ఆడే ఆటలను ట్విచ్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేయడం మొదలుపెట్టి నాకు మూడేళ్లు దాటింది. వారానికి రెండు రాత్రులు, ఒక్కోసారి రెండు గంటల చొప్పున ఆడతాను. చూసేవారు ఐదుగురికి తగ్గరు, ముప్పైకి మించరు. దీని మీద నాకు ఆదాయం లేదు, రావాలన్న తాపత్రయమూ లేదు. కాబట్టి ఈ సమీక్ష నాలాగే తీరిక వేళల్లో స్ట్రీమ్ చేద్దామనుకునేవారికి ఉపయోగపడుతుంది గానీ, దీన్నే వృత్తిగా ఎంచుకోవాలనుకునేవారికి సరిపోకపోవచ్చు.

కొన్న వస్తువుల్లో మొదట అటకెక్కింది కెమెరా, దానితోపాటు గుండ్రటి లైటు. రెండు నెలలు వాడాను. నా ముఖం తెర మూలన ఉన్న రోజుకూ లేని రోజుకూ ప్రేక్షకుల సంఖ్యలో నాకు తేడా కనిపించలేదు. పైగా వెనకాల గోడ, కిటికీ, అలమరలోని కాగితాలు కనబడకుండా చూసుకోవడం ప్రతిసారీ ఒక పని అయింది. మైక్ సంగతి అలా కాదు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట గరగరలాడితే రెండు నిమిషాల్లో వెళ్లిపోతారు.

మైక్ విషయంలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. సున్నితమైన కండెన్సర్ మైక్ కొని బల్ల మీద అడుగు దూరంలో పెట్టుకున్నాను. అది నా గొంతుతోపాటు ఫ్యాను హోరునూ, కీబోర్డు టకటకలనూ, వీధిలో హారన్లనూ సమానంగా పట్టుకునేది. తర్వాత డైనమిక్ మైక్‌కు మారి, బల్లకు బిగించే స్టాండుకు తగిలించి, నోటికి బెత్తెడు దూరంలో, కాస్త పక్కకు వాలేలా పెట్టుకున్నాను. దగ్గరగా ఉంది కాబట్టి శబ్దస్థాయిని తక్కువలో ఉంచవచ్చు, అందువల్ల గది శబ్దాలు వాటంతట అవే వెనక్కి పోతాయి. ప్రసారానికి నేను వాడే ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లోని మీటరులో మామూలు మాట పసుపు భాగంలో, అంటే −20 నుంచి −9 డెసిబెళ్ల మధ్య ఆడుతుంటే చాలు. మిగిలిన సన్నని హోరుకు అందులోనే ఉన్న నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ సరిపోయింది. ఇప్పటికే హెడ్‌సెట్ ఉన్నవారు మొదటి కొన్ని నెలలు దాని మైక్‌తోనే కానివ్వమని నా సలహా.

ఇక ఇంటర్నెట్. ఇక్కడ చూడవలసింది డౌన్‌లోడ్ వేగం కాదు, అప్‌లోడ్ వేగం. అదీ మనం ఆడే వేళకు ఎంత వస్తోందన్నది. నాకు మధ్యాహ్నం 10 ఎంబీపీఎస్ చూపించే కనెక్షన్ రాత్రి తొమ్మిదికి 5కు పడిపోయేది. 1080పీ బొమ్మను సెకనుకు 60 ఫ్రేములతో పంపడానికి అందరూ చెప్పే 6000 కేబీపీఎస్ పెట్టుకుని కూర్చుంటే, చూసేవారికి తిరిగే చక్రం తప్ప ఏమీ కనబడలేదు. ఓబీఎస్‌లో స్టాట్స్ ప్యానెల్ తెరిస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. నెట్‌వర్క్ వల్ల జారిపోయిన ఫ్రేములు పెరుగుతుంటే తప్పు కనెక్షన్‌ది. ఎన్‌కోడింగ్ ఆలస్యం వల్ల వదిలేసిన ఫ్రేములు పెరుగుతుంటే కంప్యూటరు మోయలేకపోతోందని అర్థం. నాది మొదటి రకం కాబట్టి 720పీ, 30 ఫ్రేములు, 3000 కేబీపీఎస్‌కు దిగాను, వైఫై మానేసి కేబుల్ వేశాను. అప్పటినుంచి జారిపోయే ఫ్రేముల అంకె దాదాపు సున్నా దగ్గరే నిలిచింది. వచ్చే వేగంలో కనీసం నాలుగో వంతు ఖాళీగా వదిలేయాలన్నది నేను పాటించే లెక్క.

ఇంతవరకు డబ్బుతో అయ్యే పని. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినవి మాత్రం పైసా ఖర్చు లేని అమరికలు.

మొదటి నెలలో ఆట తెరను పంపడానికి డిస్‌ప్లే క్యాప్చర్ వాడాను, ఎందుకంటే అది వెంటనే పనిచేస్తుంది. దాని అర్థం మానిటరు మీద ఏది కనబడితే అది బయటికి వెళుతుందని. ఒక రాత్రి ఆటలో దారి తెలియక, మ్యాపు వెతుకుదామని బ్రౌజరుకు మారాను. సరిగ్గా అప్పుడే తెర మూలన ఒక పార్సెల్ సందేశం మెరిసింది: నా పూర్తి పేరు, ఇంటి నంబరు, వీధి పేరు. నాలుగు సెకన్లు కూడా లేదు. చూస్తున్నది ఏడుగురే. స్ట్రీమ్ ఆపేసి, దాని రికార్డింగును తొలగించి, గండం గడిచిందనుకున్నాను. మర్నాడు చూస్తే ఎవరో ప్రేక్షకుడు ఆ ఘట్టానికి కాస్త ముందు నా పాత్ర గోతిలో పడ్డ దృశ్యాన్ని సరదాగా క్లిప్ చేసి పెట్టాడు. ఆ క్లిప్ చివర్లో నా చిరునామా ఉంది. రికార్డింగు తీసేసినంత మాత్రాన క్లిప్పులు పోవని, వాటిని విడిగా వెతికి తొలగించాలని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత డిస్‌ప్లే క్యాప్చర్ జోలికి వెళ్లలేదు. గేమ్ క్యాప్చర్ ఒక్క ఆటనే పట్టుకుంటుంది. బ్రౌజరుకు మారినా ప్రేక్షకులకు ఆట తప్ప మరేదీ కనబడదు. కొన్ని ఆటలను అది పట్టుకోలేకపోతే విండో క్యాప్చర్ వాడతాను. కంప్యూటరులో స్ట్రీమింగ్ కోసమే వేరే యూజరు ఖాతా పెట్టుకున్నాను. అందులో నా మెయిలు లేదు, మెసేజింగు లేదు, నోటిఫికేషన్లు లేవు. చానెలుకు వాడే ఈమెయిలు కూడా వేరే. స్ట్రీమ్ కీ తెర మీద కనబడే సెట్టింగుల పేజీని ప్రసారంలో ఉండగా అసలు తెరవను, ఎందుకంటే ఆ కీ చేజిక్కినవారు మన చానెల్లో తమ వీడియోను ప్రసారం చేయగలరు. పొరపాటున కనబడితే వెంటనే కొత్త కీ తీసుకోవాలి, పాతది ఆ క్షణమే చెల్లకుండా పోతుంది.

ఇలా తెరను కట్టుదిట్టం చేసుకున్నాక, ప్రమాదం చెవి వైపునుంచి వచ్చింది. విరామం తీసుకునేటప్పుడు చూపడానికి ‘ఇప్పుడే వస్తాను’ అన్న బొమ్మతో వేరే సీన్ చేసుకుని, దానికి ఒక మీట కేటాయించుకున్నాను. ఒకరోజు తలుపు చప్పుడైతే ఆ మీట నొక్కి లేచాను. తలుపు దగ్గర మా అమ్మ, వచ్చినవారితో నా ఫోన్ నంబరును అంకె అంకె విడదీసి చెబుతోంది. నేను తిరిగి వచ్చేసరికి చాట్‌లో ఒకరు “అన్నా, మైక్ ఆన్‌లో ఉంది, మాకు అంతా వినబడుతోంది” అని రాశారు. కారణం తర్వాత అర్థమైంది: ఓబీఎస్‌లో సెట్టింగుల ఆడియో పేజీలో ఎంచుకున్న మైక్ ప్రతి సీన్‌లోనూ మోగుతూనే ఉంటుంది. బొమ్మ మారింది గానీ మాట ఆగలేదు. దీనికి విరుగుడు చిన్నదే. ఆ పేజీలో మైక్‌ను డిసేబుల్ చేసి, ఆడియో ఇన్‌పుట్ క్యాప్చర్ అనే సోర్సుగా ఆట సీన్‌లో మాత్రమే చేర్చాలి. అప్పుడు విరామ సీన్‌కు మారగానే మైక్ తెగిపోతుంది. మీరు కూడా చేశాక నమ్మకంతో వదిలేయకుండా, స్ట్రీమ్ చేయకుండా ఒక నిమిషం రికార్డు చేసి, విరామ సీన్‌లో ఏదైనా మాట్లాడి, వెనక్కి వేసుకుని వినండి.

డెస్క్‌టాప్ శబ్దం విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. స్నేహితులతో వాయిస్ కాల్‌లో ఆడుతుంటే వారి మాటలూ వెళ్లిపోతాయి, వారికి ఆ సంగతి తెలియకపోవచ్చు. నేను విండోస్‌లో అప్లికేషన్ ఆడియో క్యాప్చర్ ద్వారా ఆట శబ్దాన్ని మాత్రమే తీసుకుంటాను. వారిని అడిగి, సరేనంటేనే కాల్‌ను చేరుస్తాను.

ఓబీఎస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో స్ట్రీమ్ డిలే అని ఒకటుంది. 20 సెకన్లు పెడితే, మన దగ్గర జరిగింది 20 సెకన్ల తర్వాతే కంప్యూటరు దాటుతుంది. ఈ లోపు ఏదైనా జారిందనిపిస్తే, డిలేను వదిలేసి ఆపమనే ఎంపికతో స్ట్రీమ్‌ను ఆపవచ్చు. ఆ 20 సెకన్లు బయటికే వెళ్లవు. మామూలుగా ఆపితే మాత్రం దాచినదంతా వెళ్లాకే ఆగుతుంది, ఈ తేడా గుర్తుంచుకోవాలి. అయితే దీనికి చెల్లించే మూల్యం సంభాషణ. అసలే ప్రసారంలో కొన్ని సెకన్ల ఆలస్యం ఉంటుంది, దానికి ఇది తోడైతే చాట్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు చేరేసరికి అడిగినవారు వేరే మాటలోకి వెళ్లిపోతారు. కొత్త ఆటను మొదటిసారి ప్రసారం చేసే రోజున, ఏం కనబడుతుందో తెలియదు కాబట్టి, పెడతాను. మిగతా రోజుల్లో తీసేస్తాను.

చాట్‌లో తిట్టేవారికన్నా, మెత్తగా అడిగేవారి దగ్గర నేను ఎక్కువ జాగ్రత్త నేర్చుకున్నాను. ఒక ప్రేక్షకుడు కొన్ని వారాలపాటు వచ్చి, “అక్కడ వాన పడుతోందా?”, “మీకూ ఇప్పుడే కరెంటు పోయిందా?”, “రేపు మీకు సెలవేనా?” అని అడిగేవాడు. విడివిడిగా చూస్తే ఏ ప్రశ్నా తప్పు కాదు. కానీ మూడు జవాబులు కలిపితే ఊరు, ఇంకో రెండు కలిపితే పేట తేలిపోతాయి. అతని ఉద్దేశం ఏమిటో నాకు తెలియదు. ఇప్పుడు అలాంటివాటికి కోపగించుకోకుండా ఆట మీదికి మాట మళ్లిస్తాను. నా అసలు పేరు, వీధి పేరు, ఫోన్ నంబరులోని చివరి అంకెలు చానెలు నిషిద్ధ పదాల జాబితాలో పెట్టాను. పాత మిత్రుడెవరైనా అలవాటుగా పేరు పెట్టి పిలిచినా అది చాట్‌లో కనబడదు.

అదే కారణంతో చాట్‌ను ఆట తెర మీద చూపించడం కూడా మానేశాను. చాట్‌లో ఒక సందేశాన్ని తొలగించవచ్చు, కానీ అది అప్పటికే తెర మీద పడి ఉంటే వీడియోలో భాగమైపోతుంది. ఇప్పుడు చాట్‌ను ఫోన్‌లో చూసుకుంటూ, ప్రశ్నను ఒకసారి పైకి చదివి ఆ తర్వాత జవాబు చెబుతాను. తర్వాత రికార్డింగు చూసేవారికి కూడా ఏం మాట్లాడుతున్నానో అర్థమవుతుంది.

తిట్లు వచ్చినప్పుడు మాత్రం చదవను. చదివితే రాసినవాడికి కావలసింది అదే, పైగా నా గొంతుతోనే అది రికార్డులో నిలిచిపోతుంది. మాట్లాడుతున్న మాట ఆపకుండా, ఫోన్‌లోనే పేరు నొక్కి పది నిమిషాలు మౌనంలో ఉంచుతాను. మళ్లీ వస్తే నిషేధం. “నిన్ను తీసేశాను చూడు” అని మొదట్లో ప్రకటించేవాణ్ణి. ఆ ప్రకటన విని అదే మనిషి మరో రెండు పేర్లతో వచ్చేవాడు. తిట్టేవాళ్లు గుంపుగా వచ్చి పడిన ఒకే ఒక్క రాత్రి నాకు పనికొచ్చినవి ఈ రెండు ఆదేశాలు:

```
/followers 10m
/slow 30
```

మొదటిది కనీసం పది నిమిషాలుగా చానెలును ఫాలో అవుతున్నవారినే రాయనిస్తుంది. రెండోది ఒక్కొక్కరినీ ముప్పై సెకన్లకు ఒక సందేశానికి కట్టేస్తుంది. వాళ్లకు అంత ఓపిక ఉండదు, పావుగంటలో సద్దుమణిగింది. వీటిని ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే కొత్తగా వచ్చి ‘నమస్తే’ అనబోయినవారు కూడా గడప దగ్గరే ఆగిపోతారు. అందుకే గొడవ తగ్గగానే `/followersoff`, `/slowoff` కొట్టేస్తాను. ఏడాది క్రితం, రెండేళ్లుగా క్రమంగా వస్తున్న ఒకరిని మోడరేటరుగా ఉండమని అడిగాను. ఆయన ఉన్న రాత్రుల్లో నేను ఫోన్ వైపు చూడటం సగానికి తగ్గింది, నా పాత్ర గోతిలో పడటం మాత్రం అలాగే ఉంది.